జాతక పఠనం, ఏడో పాఠం: కష్టకాలాన్ని ఏ మాటల్లో చెప్పాలి

ఈ వారం నవాంశ మొదలుపెడదామనుకున్నాను. పోయిన పాఠం తర్వాత వచ్చిన ఒక ఉత్తరం వల్ల దాన్ని పక్కన పెడుతున్నాను. ఆరు, ఎనిమిది, పన్నెండు స్థానాలు నేర్పి, ఇంట్లోవాళ్ల జాతకాలు తీసి సాధన చేయమన్నాను. చూసినదాన్ని బయటికి ఎలా చెప్పాలో నేర్పలేదు. ఆ తప్పు నాది.

ఉత్తరం రాసిన అబ్బాయిది అల్లూరు పక్క ఊరు. వాళ్ల మేనమామకు రెండెకరాల రొయ్యల గుంటలున్నాయి. ఇంకో ఆరెకరాలు అప్పు తెచ్చి లీజుకు తీసుకోవచ్చా అని ఆయన జాతకం చూపించాడు. మనవాడు చూసి, "మామా, అష్టమ శని, పైగా వ్యయాధిపతి అష్టమంలో ఉన్నాడు. రెండేళ్లు ఏం పట్టుకున్నా మట్టే" అన్నాడు. మామ లీజు మానుకున్నాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఉన్న గుంటల మీద కూడా ఆశ వదిలేశాడు. "ఎట్టా పోయేదే కదా, కరెంటు బిల్లు ఎందుకు దండగ" అని రాత్రిపూట ఏరేటర్లు ఆపేశాడు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయే వేళ రొయ్యలు గట్టు పక్కకు వచ్చి తేలాయి. సగం పంట పోయింది.

అబ్బాయి రాసిన చివరి వాక్యం ఇది: "శాస్త్రం చెప్పినట్టే జరిగింది గురువుగారూ."

ఆ వాక్యం చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏరేటరు ఆపమని శని చెప్పలేదు, మన మాట చెప్పింది.

ఇప్పుడు ఆ జాతకమే చూద్దాం. కుంభ లగ్నం. లగ్నాధిపతి, వ్యయాధిపతి రెండూ అయిన శని అష్టమంలో, కన్యలో ఉన్నాడు. చంద్రుడు సింహంలో, ఉత్తర ఒకటో పాదం. గురుడు తొమ్మిదో ఇంట, తులలో. నడుస్తున్నది గురు దశలో శని అంతర్దశ. దాని నిడివి 2 సంవత్సరాల 6 నెలల 12 రోజులు. అందులో 8 నెలలు గడిచాయి. గోచారంలో శని మీనంలో ఉన్నాడు కాబట్టి సింహరాశికి అష్టమ శని.

మన పెద్దలు కర్మను మూడు రకాలుగా చెప్పారు. దృఢం మారదు. అదృఢం మామూలు జాగ్రత్తతోనే తప్పిపోతుంది. దృఢాదృఢం మనిషి పూనుకుంటే తగ్గుతుంది, వదిలేస్తే పూర్తిగా వస్తుంది. మన దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ మూడో రకమే. ఏది ఏ రకమో తేల్చడానికి నేను లగ్నం, చంద్రుడు, ఆ విషయానికి కారకుడు, ఈ ముగ్గురిని సాక్షులుగా పిలుస్తాను. ముగ్గురూ ఒకే మాట చెబితేనే దృఢం అని రాసుకుంటాను.

ఇక్కడ లగ్నం నుంచి చూస్తే అష్టమంలోని వ్యయాధిపతి ఏడో చూపుతో ధనస్థానాన్ని, మూడో చూపుతో వృత్తిస్థానమైన దశమాన్ని పట్టుకున్నాడు. నష్టం అంటున్నాడు. చంద్రుడి నుంచి చూస్తే అదే శని ఆరో ఇంటికి, అంటే రుణస్థానానికి అధిపతి అయి రెండో ఇంట కూర్చున్నాడు. అప్పు వల్ల డబ్బుకు దెబ్బ అంటున్నాడు. మూడో సాక్షి ధనకారకుడైన గురుడు. ఈ లగ్నానికి ధన, లాభ స్థానాల అధిపతి కూడా ఆయనే. తొమ్మిదో ఇంట, శని చూపు పడని చోట ఉండి, లగ్నాన్ని చూస్తున్నాడు. ఆయన ఒప్పుకోవడం లేదు. అంటే ఇది దృఢాదృఢం. డబ్బంతా పోతుందని ఈ చక్రం చెప్పడం లేదు. అప్పు దారిలో వెళ్లే డబ్బుకు ముప్పు అంటోంది. మనవాడు మొదటి సాక్షి దగ్గరే లేచి తీర్పు చెప్పేశాడు.

(వ్యయాధిపతి అష్టమంలో ఉంటే విపరీత రాజయోగం కదా అని కొందరు అడుగుతారు. ఇక్కడ ఆయన లగ్నాధిపతి కూడా. ఆ యోగం మీద బరువు వేయకండి.)

ఇక నన్ను బాగా విసిగించే విషయానికి వస్తాను. "సరే గురువుగారూ, ఇకమీద 'నష్టం వస్తుంది' అనను, 'నష్టం రావచ్చు' అంటాను" అని చాలామంది అంటారు. దానివల్ల ఏమీ మారదు. భయంతో వచ్చిన మనిషి 'నష్టం' దగ్గరే ఆగిపోతాడు, 'వచ్చు' ఆయన చెవిలోకి పోదు. ఇంటికెళ్లి భార్యతో "నష్టం ఉందంట" అంటాడు. 'ఉందంట'లో మీ 'వచ్చు' ఎక్కడుంది? పైగా ఆ 'వచ్చు' మిమ్మల్ని కాపాడుతుంది, ఆయన్ని కాదు. నష్టం వస్తే "చెప్పాను కదా" అంటారు, రాకపోతే "వచ్చు అన్నానంతే" అంటారు. 'అవకాశం ఉంది', 'సూచన కనిపిస్తోంది', 'కొంచెం జాగ్రత్త' ఇవన్నీ అదే కోవ. 'జాగ్రత్త' మరీ ఘోరం. దేనికి జాగ్రత్త, ఎప్పటిదాకా, ఏం చేస్తే జాగ్రత్త అయినట్టు? అది చెప్పకపోతే ఆయనకు మిగిలేది టెన్షన్ ఒక్కటే.

క్రియ చివర మార్చడం కాదు, వాక్యంలో మనిషికి చోటు పెట్టాలి. ఎప్పటిదాకా, ఏ పనిలో, ఏది చెక్కుచెదరదు, ఆయన తేల్చుకోవలసింది ఏమిటి, ఈ నాలుగూ పడాలి. ఆ మామతో నేనైతే ఇలా చెబుతాను:

"ఇంకో 22 నెలలు అప్పు మీద నడిచే పనికి మీ జాతకంలో బలం తక్కువ. సొంత డబ్బుతో సొంత గుంటల్లో చేసే పనికి గురుడి అండ ఉంది, అక్కడ మీరు ఎంత చూసుకుంటే అంత ఫలితం. ఆరెకరాలు ఒకేసారి తీసుకుంటారా, రెండెకరాలతో ఒక పంట చూసి తర్వాత ఆలోచిస్తారా? సీడు, మేత, కరెంటు, వడ్డీ కాగితం మీద వేసుకోండి. ఒక పంట మొత్తం పోయినా ఆ అప్పు కట్టగలరా లేదా చూసుకోండి. తీసుకోవాలా వద్దా అన్నది మీరే తేల్చుకోండి."

చివరి మాట మర్యాద కోసం అన్నది కాదు. ఆయన లెక్క వేసుకుని ఆరెకరాలూ తీసుకుంటానంటే నేను అడ్డు చెప్పను. గుంట మట్టి గురించి నాకంటే ఆయనకే బాగా తెలుసు. తైలాభిషేకం అడిగితే చేయించుకోమంటాను, కానీ లెక్క వేసుకున్న తర్వాతే. ముందే చెబితే అభిషేకంతో పని అయిపోయిందనుకుంటారు.

పెళ్లి విషయంలో "ఆలస్యం" అనకుండా "ఫలానా నెల తర్వాత వచ్చే సంబంధాలకు బలం ఎక్కువ, ఈలోపు వచ్చినవి చూడటం మానకండి" అనండి. ఆరోగ్యానికి సంబంధించి నా నియమం ఒక్కటే. 'గండం' అనే మాట నా నోట రాదు, ఆయుర్దాయం చెప్పను. మందులు వాడుతున్నారా, చివరిసారి డాక్టర్‌కి ఎప్పుడు చూపించుకున్నారు అని అడుగుతాను.

సాధన: మీరు ఇంతకుముందు నోటితో చెప్పిన మూడు గట్టి ఫలితాలను గుర్తున్నంతవరకు అవే మాటల్లో రాయండి. ప్రతిదానికీ ముగ్గురు సాక్షులను పిలిచి, నాలుగూ పడేలా మళ్లీ రాయండి. దాన్ని జాతకం తెలియని ఒకరికి ఒక్కసారి చదివి వినిపించి, మర్నాడు పొద్దున ఏం గుర్తుందో అడగండి. 'నష్టం' ఒక్కటే గుర్తుంటే మళ్లీ రాయండి. నాకు ఏడోసారికి గానీ కుదరలేదు. తర్వాత ఆ ముగ్గురి ఇళ్లకూ వెళ్లి కొత్త మాట చెప్పి రండి. అల్లూరు అబ్బాయి మొదట మామ దగ్గరికి వెళ్లాలి. ఇంకో పంట వేసేలోపే వెళ్లాలి.