పంపులు ఎప్పుడు ఆపాలి: వేళచ్చేరి సైటు అప్పగింత ఉత్తరం

నమస్తే అండి.

వచ్చే సోమవారం నుంచి ఈ సైటు మీ చేతుల్లోకి వస్తోంది. డ్రాయింగులు, బిల్లులు, స్టోరు లెక్కలు అన్నీ ఫైళ్ళలో ఉన్నాయి, వాటి గురించి ఇక్కడ రాయడం లేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన రెండంతస్తుల బేస్‌మెంట్‌ను ఎలా కాపాడుకోవాలో చెప్పడానికే ఈ ఉత్తరం. మీరు హైదరాబాద్‌లో పనిచేసి వస్తున్నారు. అక్కడ సెప్టెంబర్ దాటితే ఊపిరి పీల్చుకుంటాం. చెన్నైకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. మామూలుగా అక్టోబర్ 20 ప్రాంతంలో మొదలవుతాయి.

అన్నిటికన్నా పెద్ద పెండింగు, నీళ్ళు తోడే పంపులు ఎప్పుడు ఆపాలన్నది. గ్రౌండ్ శ్లాబు పడగానే ఆపేద్దామని ఓనర్లు అంటున్నారు. నెలనెలా పంపుల అద్దె, డీజిలు వాళ్ళకు భారంగానే ఉన్నాయి, కాదనను. కానీ వాళ్ళు లెక్కవేసింది సాయిల్ రిపోర్టులో ఉన్న నీటిమట్టంతో. ఆ బోర్లు వేసింది మే నెలలో. అప్పుడు నీళ్ళు నేలకు 4.5 మీటర్ల కింద ఉన్నాయి. రిపోర్టులో ఉండేది బోరు వేసిన రోజు మట్టమే కానీ నవంబర్ మట్టం కాదు.

లెక్క మీరే ఒకసారి వేసి చూడండి. బేస్‌మెంట్ కింద పునాదిగా పరిచిన రాఫ్ట్ అడుగు నేలకు 7.5 మీటర్ల లోతులో ఉంది. పంపులు ఆపితే అడుగున చేరే నీళ్ళు, నిలిచిన ప్రతి మీటరు ఎత్తుకూ చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున రాఫ్ట్‌ను పైకి నెడతాయి. మే మట్టంతో చూస్తే 3 మీటర్ల ఎత్తు, అంటే 3 టన్నులు. దానికి 1.2 రెట్ల భద్రత కలిపితే 3.6. మన బరువు ఎంత? 80 సెంటీమీటర్ల రాఫ్ట్ 2 టన్నులు. మధ్య శ్లాబు, స్తంభాలు, గోడల వాటా కలిపి 1 టన్ను. గ్రౌండ్ శ్లాబు 1.2. మొత్తం 4.2. మే లెక్కలో ఇది సరిపోతుంది, అందుకే ఓనర్లకు ధైర్యం. కానీ నవంబర్‌లో గట్టి వాన పడితే ఈ ప్రాంతంలో నీళ్ళు నేలమట్టానికి వచ్చేస్తాయి. అప్పుడు తోపు 7.5 టన్నులు, భద్రతతో కలిపి 9. మన దగ్గర ఉన్నది 4.2. ఇంకా 4.8 టన్నులు కావాలి. ఇటుక గోడలు కట్టని అంతస్తు ఇచ్చే బరువు సుమారు 0.7 టన్నులే, అంటే పైన ఏడు శ్లాబులు పడాలి. గోడలు కూడా లేస్తే అంతస్తుకు ఒక టన్ను వస్తుంది, అప్పుడు ఐదు చాలు. ఇప్పటి వేగంతో ఏదీ డిసెంబర్ లోపల కాదు. కాబట్టి ఈ వానాకాలం మొత్తం పంపులు నడవాల్సిందే.

ఈ లెక్క కన్సల్టెంటుకు పంపాను. సరేనని ఫోన్లో అన్నారు, కాగితం మాత్రం ఇంకా రాలేదు. అక్టోబర్ 10 లోపల సంతకంతో తెప్పించండి. అందులో "పంపులు జాగ్రత్తగా చూసుకోవాలి" అన్న మాట ఉంటే ఒప్పుకోవద్దు. ఎన్నో శ్లాబు పడ్డాక, గోడలు ఎక్కడిదాకా లేచాక ఆపవచ్చో స్పష్టంగా ఉండాలి. ఆ తేదీకి కాగితం రాకపోతే నిర్ణయం ఆగిపోయినట్టు కాదు, పంపులు నడుస్తూ ఉంటాయి. ఈ సంగతి ఓనర్లకు మీరు ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. పైన అంతస్తులు లేని ర్యాంపు భాగానికి ఈ లెక్క వర్తించదు. అక్కడ బరువు ఎప్పటికీ పెరగదు, అందుకే అక్కడ లాగుడు తట్టుకునే పైల్స్ వేశాం. వాటిలో ఒకదాని పుల్‌అవుట్ టెస్టు రిపోర్టు ఇంకా రావాలి. అది కూడా చూడకుండా ఆ వైపు పంపులు ఆపకండి.

పంపులు ఉన్న బోర్ల కేసింగులు రాఫ్ట్‌లోంచి పైకి వచ్చి ఒక అడుగు ఎత్తున కనిపిస్తాయి. వాటికి మూతలు బిగించనివ్వకండి. కరెంటు పోయి పంపులు ఆగితే అడుగు నీళ్ళు ఆ కేసింగుల్లోంచి బేస్‌మెంట్‌లోకి పొంగుతాయి. చూడ్డానికి ప్రమాదంలా ఉంటుంది కానీ అదే మనకు రక్ష. లోపల నిండిన నీళ్ళ బరువు కింది తోపును అదిమి పెడుతుంది. నీళ్ళు నిండిన బేస్‌మెంట్‌ను తోడుకుని కడుక్కోవచ్చు. పైకి లేచి చీలిన రాఫ్ట్‌ను ఏమీ చేయలేం. శుభ్రంగా ఉంటుందని ఎవరైనా ప్లేటు వెల్డింగ్ చేసేస్తారేమోనన్నదే నా భయం, మేస్త్రీలందరికీ మీరు స్వయంగా చెప్పండి. నీళ్ళు ఎక్కుతుంటే మనుషులను ముందు పైకి పంపి, కింది మెయిన్ స్విచ్ తీయించండి.

రాఫ్ట్ కదులుతోందో లేదో తెలుసుకోవడానికి పన్నెండు స్తంభాల మీద ఎర్ర గుర్తులు పెట్టాం. రోడ్డు అవతలి గట్టి బెంచ్‌మార్కు నుంచి రోజూ పొద్దున్నే లెవెల్ చూడాలి. ఏ గుర్తయినా వరసగా రెండు రోజులు పైకి వెళ్తే, మధ్య ప్యానెళ్ళలో కొత్త చీలికలు కనిపించి వాటిలోంచి నీళ్ళు ఊరుతుంటే, పైకి లేవడం మొదలైనట్టే. కన్సల్టెంటు జవాబు కోసం ఆగకుండా, ఆగిన పంపు ఏదైనా ఉంటే ముందు దాన్ని నడిపించండి. అది కుదరకపోతే నీళ్ళు లోపలికి రానివ్వండి.

తుపాను వస్తే ఈబీ వాళ్ళే భద్రత కోసం కరెంటు ఆపుతారు. 2023 డిసెంబర్ మిచాంగ్ తుపానులో ఈ చుట్టుపక్కల రోజుల తరబడి కరెంటు రాలేదు. మన జనరేటరు పంపుల లోడుతో గంటకు సుమారు 10 లీటర్లు తాగుతోంది, నాలుగు రోజులకు 960 లీటర్లు. అందుకే ఐదు డ్రమ్ములు నింపి ఉంచాలి. ఇప్పుడు రెండే ఉన్నాయి. జనరేటరు దిమ్మ కూడా ఇంకా రెండడుగులు ఎత్తాలి, అది మునిగితే డీజిలు ఎంత ఉన్నా ఉపయోగం లేదు.

మనుషుల సంగతి మరీ ముఖ్యం. పంపు చూసే కుర్రాళ్ళిద్దరూ శ్రీకాకుళం వాళ్ళు, దసరాకు ఇంటికి వెళ్తామని ఇప్పటికే అడిగారు. వెళ్ళనివ్వండి, ఏడాదికోసారి వచ్చే పండగ. కానీ వాళ్ళు రైలెక్కే ముందే, ఇక్కడే ఉండే ఇద్దరికి జనరేటరు మార్పిడి, ఫుట్‌వాల్వు శుభ్రం చేయడం చేతులతో చేయించి నేర్పించాలి.

ఇంకొకటి తూర్పు వైపు పాత ఇల్లు. ఆ గోడ చీలికకు అడ్డంగా గాజు పట్టీలు అంటించి తేదీలు రాశాం. పట్టీ పగిలితే గోడ కదిలినట్టు. దానికన్నా ముందే తెలియాలంటే పంపు నీళ్ళను వారానికోసారి పారదర్శకమైన సీసాలో పట్టి అరగంట కదలకుండా ఉంచండి. అడుగున సన్న ఇసుక పేరుకుంటే మనం నీళ్ళతో పాటు పక్కింటి పునాది కింది మట్టినీ లాగేస్తున్నామన్న మాట. ఏ బోరు నుంచి ఇసుక వస్తుందో కనిపెట్టి, దాని పంపు కాస్త తగ్గించి, పక్క బోరుది పెంచండి. పూర్తిగా ఆపేస్తే అక్కడ మట్టం ఎగబాకుతుంది. ఆ ఇంటి పెద్దావిడకు ఫోటోలన్నీ చూపించాను, ఆవిడ మాట మంచిది. పట్టీ పగిలితే మొదట ఆవిడకే చెప్పండి.

బయటి పరిశీలన బోరు తాళం, లెవెల్ రిజిస్టరు స్టోరులో ఎడమవైపు బీరువాలో ఉన్నాయి. సంతకం కాగితం వచ్చాక ఒక కాపీ ఓనర్లకు ఇచ్చి, ఇంకొకటి పంపు షెడ్డులో స్విచ్ పక్కనే తెలుగులోనూ తమిళంలోనూ రాయించి అంటించండి.