మన మానిటర్‌లో 99.78, వాళ్ల రిపోర్టులో 99.91: హోస్టింగ్ క్రెడిట్ వస్తుందా, రాదా?

సమస్య

కర్నూలులో ఉల్లి కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన వెబ్‌సైట్ నేనే చూస్తుంటాను. రైతులు రోజూ రేట్లు చూసుకునేది అందులోనే. జూన్ ముగిశాక హోస్టింగ్ కంపెనీ నుంచి రిపోర్టు వచ్చింది: అప్‌టైమ్ 99.91 శాతం. సైట్ నడుస్తోందో లేదో కనిపెట్టి చూసే మా మానిటర్ ప్రోగ్రాం మాత్రం 99.78 అంటోంది. సంతకాలు చేసిన ఒప్పందంలో ఉన్నది 99.9. అంతకంటే తగ్గితే నెల అద్దెలో 10 శాతం క్రెడిట్ ఇవ్వాలి. "ఏమప్పా, దుడ్లు వెనక్కొస్తాయా రావా?" అని మండీ ఆయన ఒకటే అడగడం. చివరికి తేలిందేమంటే రెండు అంకెలూ తప్పే.

ముందు శాతాలు పక్కన పెట్టి నిమిషాల్లోకి రండి. 30 రోజుల నెలలో 43,200 నిమిషాలు. 99.9 అంటే అందులో 43.2 నిమిషాలు సైట్ ఆగినా కంపెనీ తప్పు కిందికి రాదు. మా మానిటర్ జూన్‌లో చూపించిన అంతరాయాలు మూడు: 4న 45, 12న 31, 19న 18 నిమిషాలు. మొత్తం 94.

కారణం 1: ఆగింది సైట్ కాదు, మన నెట్

12న మధ్యాహ్నం 3:10 నుంచి 31 నిమిషాలు. ఆ టైములో సర్వర్ లాగ్‌లో నిమిషానికి ఎన్ని రిక్వెస్టులు ఉన్నాయో చూశాను:

```
grep '12/Jun/2025:15:' access.log | cut -d: -f2,3 | sort | uniq -c
```

15:10 నుంచి 15:41 దాకా ప్రతి నిమిషానికీ రిక్వెస్టులు ఉన్నాయి. అంటే జనం సైట్ చూస్తూనే ఉన్నారు. విషయం ఏమిటంటే, మానిటర్ నడిచేది కొట్లోని పాత కంప్యూటర్‌లో. కరెంటు పోతే దానికి యూపీఎస్ ఉంది, రౌటర్‌కు లేదు. నెట్ లేని కంప్యూటర్ సైట్ పడిపోయిందని రాసుకుంటూ పోయింది.

పరిష్కారం: ఆ 31 తీసేయండి. రౌటర్‌ను కూడా యూపీఎస్‌కు తగిలించి, ఊరి బయట ఇంకెక్కడి నుంచైనా రెండో మానిటర్ పెట్టుకోండి.

19న జరిగిన 18 నిమిషాలు మా కుర్రాడు ప్లగిన్ అప్‌డేట్ చేసి తెచ్చిపెట్టినవి. మన చేతి తప్పుకు ఏ ఒప్పందమూ డబ్బులివ్వదు. అవీ తీసేశాను.

కారణం 2: నెల ఎక్కడ ముగుస్తుంది?

వాళ్ల రిపోర్టులో జూన్ 30న 40 నిమిషాల అంతరాయం ఉంది. మా జూన్ లిస్టులో అదే లేదు. ఒప్పందం తిరగేస్తే నెలను యూటీసీ ప్రకారం లెక్కించాలని ఉంది. మన గడియారంలో వాళ్ల నెల మారేది ఒకటో తేదీ ఉదయం 5:30కి. జులై 1న తెల్లవారుజామున 4:50 నుంచి 5:42 దాకా సైట్ ఆగింది. అందులో 40 నిమిషాలు జూన్‌కు, 12 జులైకి పోతాయి. ఇక్కడ వాళ్ల లెక్కే కరెక్టు.

కారణం 3: మెయింటెనెన్స్ పేరుతో తీసేసిన నిమిషాలు

అసలు తగాదా ఇక్కడే. 4న రాత్రి 1:00 నుంచి 1:45 దాకా జరిగింది ముందే చెప్పిన మెయింటెనెన్స్ అని వాళ్లు ఆ 45 నిమిషాలనూ లెక్కలోంచి తీసేశారు. మెయిల్ పంపిన మాట నిజమే. కానీ ఒప్పందంలో ఉన్నది ఉత్త "ముందే" కాదు, "కనీసం 48 గంటల ముందు". మెయిల్ ఎప్పుడు వచ్చిందో చూడాలి. పైన కనిపించే తేదీ పంపినవాళ్లు పెట్టేది, దాన్ని నమ్మకండి. జీమెయిల్‌లో అయితే Show original తెరిచి, అన్నిటికంటే పైన ఉన్న `Received:` లైన్ చదవండి. అది మన వైపు మెయిల్ సర్వర్ వేసిన టైము. అక్కడ పడిన టైమును మన టైములోకి మార్చుకుంటే జూన్ 3 ఉదయం 11:40 అయింది. పని మొదలయ్యేసరికి మిగిలింది 13 గంటల 20 నిమిషాలే. కాబట్టి ఆ 45 నిమిషాలు లెక్కలోకి రావాల్సిందే.

తేలిన లెక్క

```
45 + 40 = 85
(43200 - 85) / 43200 * 100 = 99.803
```

వాళ్లు 40 నిమిషాలే లెక్కేశారు కాబట్టి 99.907 వచ్చి గీత దాటేసింది. ఒక జాగ్రత్త: పోల్చే ముందు అంకెను రౌండ్ చేయకండి. 99.896ను 99.9గా రాస్తే రావాల్సిన క్రెడిట్ పోతుంది. ఇంకోటి, మా మానిటర్ నిమిషానికోసారి చూస్తుంది. మొత్తం ఏ 44 నిమిషాలో వచ్చి ఉంటే దాని మాట నిలబడదు, లాగ్‌లో ఖాళీ ఎంతుందో సెకన్లతో చూపాల్సి వచ్చేది. 85 అంటే పరిమితికి దాదాపు రెట్టింపు కాబట్టి ఆ పేచీ రాలేదు.

క్లెయిమ్

మా ఒప్పందంలో నెల ముగిసిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి, గడువు దాటితే హక్కు పోతుంది. రెండు అంతరాయాల టైములు యూటీసీలో, లాగ్ ముక్క, ఆ మెయిల్ హెడర్, 48 గంటల క్లాజు నంబరు ఒకే మెయిల్‌లో పెట్టి పంపాను. కోపం మాటలేవీ రాయలేదు, వాటికి క్రెడిట్ లేదు. జీఎస్టీ కాకుండా అద్దె 4,000. తర్వాతి బిల్లులో 400 తగ్గింది. చేతికి డబ్బు రాదని మండీ ఆయనకు ముందే చెప్పి ఉంచాను.

జులై లెక్కలో ఒకటో తేదీ నాటి 12 నిమిషాలు ముందే రాసిపెట్టుకున్నాను.