రాత్రి కాచిన స్టాక్ పొద్దున పుల్లబడిందా? పెద్ద మోతాదులో స్టాక్, సాస్: సమస్యలు - పరిష్కారాలు

ఎముకలు, కూరలు నీళ్లలో కాచి వడకట్టిన రసమే స్టాక్. రెండు లీటర్ల స్టాక్ కాచి పక్కన పెడితే కాసేపటికి చల్లారిపోతుంది. అలవాటు కొద్దీ ఇరవై లీటర్లనూ అలాగే గిన్నెలో వదిలేస్తే మాత్రం తెల్లారేసరికి పాడైపోతుంది. వంట తెలిసినవాళ్లు కూడా తరచుగా ఇక్కడే దెబ్బతింటారు. మోతాదు పెరిగినప్పుడు కాచే పద్ధతి పెద్దగా మారదు, చల్లార్చే పద్ధతి మాత్రం పూర్తిగా మారాలి. అందుకే ఆ సమస్యతోనే మొదలుపెడుతున్నాను, ఎక్కువ చోటు కూడా దానికే ఇస్తున్నాను.

సమస్య: పొద్దున మూత తీస్తే పుల్లటి వాసన, పైన సన్నటి బుడగలు, గిన్నె మధ్యలో ఇంకా గోరువెచ్చగా ఉంది

పెద్ద గిన్నెలో స్టాక్ ఎక్కువ, గాలి తగిలే పైభాగం తక్కువ. మధ్యలో ఉన్న వేడికి బయటికి పోయే దారి దొరకదు. పైన మూత, దాని కింద కొవ్వు పొర ఉంటే అవి దుప్పటి కప్పినట్టు ఆ వేడిని లోపలే ఆపేస్తాయి. ఆ గిన్నెను అలాగే ఫ్రిజ్‌లోకి ఎక్కించినా లాభం లేదు. అంచులు చల్లబడినా నడిమి భాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. పైగా ఆ వేడికి ఫ్రిజ్‌లోని పాలు, మాంసం కూడా వెచ్చబడతాయి.

"గంటల కొద్దీ మరిగింది కదా, ఇంకా సూక్ష్మజీవులు ఎక్కడివి?" అని చాలామంది అడుగుతారు. మామూలు బ్యాక్టీరియా మరుగులో చచ్చిపోతాయి, నిజమే. కానీ క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్, బాసిల్లస్ సీరియస్ లాంటివి స్పోర్ల రూపంలో గట్టి పెంకులో దాక్కుని మరుగును తట్టుకుంటాయి. స్టాక్ చల్లారుతూ వెచ్చటి స్థాయికి దిగగానే అవి మళ్లీ మొలకెత్తుతాయి. పర్‌ఫ్రింజెన్స్‌కు 43 నుంచి 47 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి బాగా నచ్చుతుంది, ఆ వేడిలో సుమారు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మాంసం రసం దానికి మంచి ఆహారం. అది పెరిగినంత మాత్రాన వాసన రావాలని లేదు. పుల్లటి వాసన వేరే బ్యాక్టీరియా పని కావచ్చు. కాబట్టి వాసన లేదు గనక బాగుందనుకోవడానికి వీల్లేదు.

అలాంటి స్టాక్‌ను పారబోయాల్సిందే. మళ్లీ మరిగించి వాడుకోవచ్చన్న ఆలోచన వద్దు. కొన్ని బ్యాక్టీరియా వదిలే విషాలు మరిగించినా పోవు. బాసిల్లస్ సీరియస్ వదిలే వాంతుల విషం అలాంటిదే. పది కిలోల ఎముకలు, ఒక పూట శ్రమ పోయాయన్న బాధ నాకు తెలుసు, ఒకసారి నిండు గిన్నెను సింకులో ఒంపేశాను. అయినా పారబోయమనే చెబుతాను.

ఇకముందు ఇలా కాకుండా ఉండాలంటే గడియారం, థర్మామీటర్ దగ్గర పెట్టుకోవాలి. అమెరికా ఫుడ్ కోడ్‌లో ఉన్న రెండంచెల కొలత చాలా వంటశాలల్లో వాడతారు. స్టాక్ 57 డిగ్రీలకు దిగిన క్షణం నుంచి రెండు గంటల్లో 21 డిగ్రీలకు చేరాలి. మొత్తం ఆరు గంటల్లోపు 5 డిగ్రీలకు చేరాలి. మొదటి అంచె అంత బిగుతుగా ఉండడానికి కారణం పైన చెప్పిందే: బ్యాక్టీరియా అతివేగంగా పెరిగే వేడి ఆ మధ్యలోనే ఉంది.

ఒక లెక్క చూద్దాం. మీకు చివరికి ఇరవై లీటర్ల కోడి స్టాక్ కావాలి. వడకట్టాక దాన్ని సన్న సెగ మీద పదిహేను లీటర్లయ్యేదాకా ఇంకించండి. అంటే ఐదు లీటర్ల నీళ్లు తక్కువగా, చిక్కగా ఉంటుంది. ఆ లోటును తాగే నీటితో చేసిన ఐదు కిలోల ఐస్‌తో పూడ్చండి. 90 డిగ్రీల దగ్గరున్న పదిహేను లీటర్లలో ఐదు కిలోల ఐస్ కరిగితే మొత్తం ఇరవై లీటర్లు సుమారు 47 డిగ్రీలకు దిగిపోతుంది, అదీ కొద్ది నిమిషాల్లోనే. ఐస్ కరిగేటప్పుడు చాలా వేడిని లాక్కుంటుంది, అన్నే చన్నీళ్లు పోస్తే ఇంత పని జరగదు. ఐస్ వేసిన స్టాక్ పలచబడుతుందన్న భయం ఉంటుంది. ముందే ఇంకించాం కనుక రుచి ఎక్కడికీ పోదు.

ఇప్పుడు గిన్నెను ఐస్ నీళ్లు నింపిన సింకులో దింపండి. బయటి నీటి మట్టం లోపలి స్టాక్ మట్టం దాకా రావాలి, అడుగున మాత్రమే తగిలితే పని సగమే అవుతుంది. పది నిమిషాలకోసారి శుభ్రమైన గరిటెతో అడుగు దాకా కలపండి. కలపకపోతే అంచున ఉన్న స్టాక్ చల్లబడి, నడుమ వేడి అలాగే మిగులుతుంది. ఐస్ కరిగితే మళ్లీ వేయండి. 21 డిగ్రీలకు దిగాక వెడల్పాటి స్టీలు ట్రేలలోకి ఒంపండి. 53 సెంటీమీటర్ల పొడవు, 32 సెంటీమీటర్ల వెడల్పున్న ట్రేలు మూడుంటే ఇరవై లీటర్లు నాలుగు సెంటీమీటర్ల లోతులో సర్దుకుంటాయి. వాటిని ఫ్రిజ్‌లో పై అరలో, ఒకదానిమీద ఒకటి పేర్చకుండా పెట్టండి, పైనుంచి ఏదీ కారకుండా చూడండి. పూర్తిగా చల్లబడ్డాకే గట్టిగా మూత పెట్టాలి.

గంటన్నర గడిచినా 30 డిగ్రీల పైనే ఉంటే ఐస్ చాలలేదని అర్థం, మరికొంత వేసి కలుపుతూ ఉండండి. రెండు గంటల గడువులోపు 21కి దిగదని తేలిపోతే వెంటనే 74 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, ఈసారి చిన్న భాగాలుగా విడదీసి చల్లార్చడం మొదలుపెట్టవచ్చు. ఈ అవకాశం ఒక్కసారికే. పొద్దున చూసుకున్నప్పుడు ఇది వర్తించదు.

చల్లారిన స్టాక్‌ను లీటరు డబ్బాల్లో నింపి, కాచిన తేదీ రాయండి. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు. అంతకు మించి దాచాలంటే మొదటి రోజే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టేయాలి, నాలుగో రోజు గుర్తొచ్చి పెట్టడం కాదు. గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది కనుక డబ్బా పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి. రెండు మూడు నెలల్లో వాడేస్తే రుచి బాగుంటుంది. వాడేటప్పుడు కావలసినంతే తీసి, 74 డిగ్రీలు దాటేలా త్వరగా వేడిచేయాలి. మిగిలింది మళ్లీ ఫ్రిజ్‌లోకి, మళ్లీ పొయ్యి మీదికి తిప్పకూడదు.

సమస్య: ఒకే కొలతలు, ఒకే గిన్నె, అయినా ఒకసారి చిక్కగా, మరోసారి నీళ్లలా

ఎముకలు, కూరలు తూచి వేస్తారు. చివరికి ఎన్ని లీటర్లు దిగిందో మాత్రం ఎవరూ కొలవరు. తేడా అక్కడే వస్తుంది. పది కిలోల కోడి ఎముకలకు పదిహేను లీటర్ల చన్నీళ్లు పోసి, సన్న సెగ మీద నాలుగు గంటలు ఉంచితే సుమారు పది లీటర్లు రావాలనుకుందాం. ఒకరోజు మంట తగ్గింది, ఎవరో మూత సగం వేశారు, పదమూడు లీటర్లు దిగింది. ఎముకల నుంచి వచ్చిన సారం అంతే, మూడు లీటర్ల నీళ్లు ఎక్కువ. ఆ స్టాక్‌తో చేసిన సాస్ ఎంత ఇంకించినా నిన్నటిలా రావడం లేదని వంటవాళ్లు తల పట్టుకుంటారు.

దీనికి చవకైన పనిముట్టు ఒక చెక్క గరిటె. గిన్నెలో పది లీటర్ల నీళ్లు పోసి, గరిటెను నిలువుగా ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గాటు పెట్టుకోండి. వడకట్టిన స్టాక్ ఆ గాటుకు పైన ఉంటే, గాటు దాకా దిగేవరకు ఇంకించాలి. కింద ఉంటే వేడినీళ్లు పోసి సరిచేయాలి. ప్రతిసారీ అదే గిన్నె వాడితేనే ఈ గాటు పనికొస్తుంది.

కొలత సరిపోయినా చిక్కదనం రాకపోతే తప్పు ఎముకల్లో ఉంటుంది. మాంసం ఒలిచిన రొమ్ము ఎముకల్లో జిగురు తక్కువ. కాళ్లు, మెడలు, రెక్కల్లో ఎక్కువ. నేనైతే పదింటిలో మూడు వంతులు కాళ్లు ఉండేలా చూస్తాను. వడకట్టే ముందే ఒక చెంచా స్టాక్‌ను చల్లటి పళ్లెంలో పోసి పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే జిగురు ఉందో లేదో తెలుస్తుంది. వేళ్లకు అంటుకోవాలి, పళ్లెం వంచితే నెమ్మదిగా జారాలి.

ఉప్పు మాత్రం స్టాక్‌లో అస్సలు వద్దు. రుచికి సరిపోయేలా లీటరుకు ఎనిమిది గ్రాములు వేశారనుకోండి. ఆ పది లీటర్లను సాస్ కోసం నాలుగు లీటర్లకు ఇంకిస్తే లీటరుకు ఇరవై గ్రాములవుతుంది, నోట పెట్టలేరు. ఉప్పు చివరి వంటకంలో వేయాలి. రుచి కూడా ఎప్పుడూ ఒకే వేడిలో చూడండి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి స్టాక్ ఎప్పుడూ చప్పగానే తోస్తుంది.

సమస్య: ఫ్రీజర్‌లోంచి తీసిన తెల్ల సాస్ విరిగి, నీళ్లు ఊరింది

గోధుమ పిండిలోని గంజి చల్లబడ్డాక బిగుసుకుని, తాను పట్టి ఉంచిన నీటిని బయటికి పిండేస్తుంది. ఫ్రీజర్‌లో ఇది ఇంకా ఎక్కువ. సన్న సెగ మీద పెట్టి, విస్కుతో గట్టిగా గిలకొడుతూ కాస్త వేడి పాలు కలిపితే చాలావరకు తేరుకుంటుంది, మునుపటి నునుపు మాత్రం రాదు.

అందుకే సాస్‌ను కాకుండా దాని పునాదిని దాచుకోవడం మేలు. వెన్న, మైదా సమానంగా తూచి, పచ్చివాసన పోయేదాకా రంగు మారకుండా వేయించి, ట్రేలో పరిచి గడ్డకట్టించండి. వంద గ్రాముల ముక్కలుగా కోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, లీటరు వేడి పాలకు ఒక ముక్క చొప్పున కరిగించి ఉడికిస్తే తాజా సాస్ వస్తుంది. చిక్కదనం ప్రతిసారీ ఒకేలా ఉంటుంది.

ఇప్పటికే ఎక్కువ సాస్ చేసేసి ఉంటే చల్లార్చడంలో మరింత జాగ్రత్త కావాలి. స్టాక్ లోపల వేడి పైకి, చల్లదనం కిందికి కదులుతూ కొంత తనే సర్దుకుంటుంది. చిక్కటి సాస్‌లో ఆ కదలిక ఉండదు. ట్రేలో ఐదు సెంటీమీటర్ల లోతు దాటనివ్వకండి. మీగడ కట్టకుండా వెన్న రాసిన కాగితాన్ని సాస్‌కు తగిలేలా పరచండి.

సమస్య: స్టాక్ మబ్బుగా ఉంది

తెర్లేలా మరిగించడం వల్ల కొవ్వు, మాంసకృత్తుల నలుసులు స్టాక్‌లో కలిసిపోయి ఉంటాయి. మొదటి అరగంటలో తేలే తెట్టు తీసేస్తూ, ఆ తర్వాత అడపాదడపా ఒక్కో బుడగ మాత్రమే తేలే సెగలో ఉంచాలి. మబ్బుపడిన స్టాక్ చెడిపోయినట్టు కాదు. చల్లార్చి, గట్టిపడిన కొవ్వు తీసి, తడిపిన పలచటి గుడ్డలో మరోసారి వడకట్టి, చిక్కటి సాస్‌లకు, గుజ్జు సూపులకు వాడేయండి.