మందులూ ఆహారమూ – ఆరవ పాఠం: పేగులో ఎంజైమ్‌ను దెబ్బతీసే గ్రేప్‌ఫ్రూట్

గ్రేప్‌ఫ్రూట్ రసాన్నీ మాత్రనూ వేర్వేరు వేళల్లో తీసుకుంటే సరిపోతుందా అన్న గత పాఠంలోని అభ్యాసానికి మీలో చాలామంది, "ఉదయం గ్రేప్‌ఫ్రూట్ రసం తాగి, రాత్రి మాత్ర వేసుకుంటే ఇబ్బంది లేదు" అని సమాధానం రాశారు. అది తప్పు. రసం మందును విరగ్గొట్టే ఎంజైమ్‌ను "అడ్డుకుంటుంది" అని మాత్రమే చెప్పి వదిలేశాను. ఆ మాట చాలలేదు కనుక ఈ పాఠమంతా దానికే కేటాయిస్తున్నాను.

సన్నపేగు లోపలి పొర కణాల్లో సీవైపీ3ఏ4 అనే ఆ ఎంజైమ్ ఉంటుంది. రక్తపోటుకు వాడే ఫెలోడిపిన్ మాత్ర 10 మిల్లీగ్రాములు మింగితే, పేగులోనూ కాలేయంలోనూ విరిగిపోగా, రక్తప్రవాహానికి చేరేది దాదాపు ఒకటిన్నర మిల్లీగ్రాములే. మాత్ర మోతాదును ఈ నష్టాన్ని లెక్కలో పెట్టుకునే నిర్ణయించారు. గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యూరానోకూమరిన్లు అనే పదార్థాలు పేగులోని ఎంజైమ్‌కు అతుక్కుని దానిని శాశ్వతంగా పాడుచేస్తాయి. అప్పుడు అదే మాత్ర నుంచి సగటున రెండు మూడు రెట్ల మందు రక్తంలోకి వెళ్తుంది. లేచి నిలబడగానే కళ్లు తిరగడం, తలనొప్పి, గుండెదడ దాని గుర్తులు కావచ్చు.

"శాశ్వతంగా" అన్న మాట దగ్గరే ఆగండి. రసం పేగు దాటి వెళ్లిపోయినా పాడైన ఎంజైమ్ తిరిగి పనిచేయదు; కణాలు కొత్తది తయారు చేసుకోవాలి. ఆ లోటు సగం తీరడానికే సుమారు ఒక రోజు పడుతుంది. ఆదివారం ఉదయం ఒక గ్లాసు తాగారనుకుందాం. లోటును 100 అనుకుంటే సోమవారం ఉదయానికి 50, మంగళవారానికి 25, బుధవారానికి 12 మిగులుతుంది. ఆదివారం రాత్రి మాత్ర వేసుకునేటప్పటికి లోటులో ఎక్కువ భాగం అలాగే ఉంటుంది. రోజూ తాగేవారికి అది తీరే వ్యవధే దొరకదు. అందుకే వేళలు మార్చడం పరిష్కారం కాదు. అలాంటి మందు వాడినంత కాలం ఆ పండును మానేయమనే నేను చెబుతాను.

ఇది పుల్లటి పండ్లన్నిటి గుణం కాదు. మన హైదరాబాద్ బండ్ల మీద దొరికే సాత్‌గుడి బత్తాయి తీపి నారింజ జాతిది, దానితో ఈ చిక్కు రాదు. పంపరపనసలో మాత్రం ఫ్యూరానోకూమరిన్లు ఉన్నాయి. గ్రేప్‌ఫ్రూట్‌కు అది జన్మనిచ్చిన పండ్లలో ఒకటి. మీ మందు ఈ కోవలోదో కాదో మందుల షాపు ఫార్మసిస్టును అడగండి. మాత్రను మీ అంతట మీరు ఆపకండి.

అభ్యాసం: ఒక మందు మింగితే 90 శాతం రక్తానికి చేరుతుంది, మరొకటి 5 శాతమే. పేగులోని ఎంజైమ్ పూర్తిగా పోయినా మొదటిది గరిష్ఠంగా ఎన్ని రెట్లు పెరగగలదు? రెండవదానికి అలాంటి హద్దు ఎక్కడ ఉంటుంది? ఫెలోడిపిన్‌నే నరంలోకి ఎక్కిస్తే రసం ప్రభావం ఎందుకు దాదాపు కనిపించదు? మందు ప్రయాణించే దారిని బొమ్మగా గీసి, మూడింటికీ కారణంతో సహా సమాధానం రాయండి.