జాబ్ డిస్క్రిప్షన్ల నుంచి ఆర్గ్ చార్ట్ గీస్తున్నారా?
జాబ్ డిస్క్రిప్షన్లు చూసి ఆర్గ్ చార్ట్ గీసేటప్పుడు "ఎవరికి రిపోర్ట్ చేయాలి" అన్న లైనొక్కటే నమ్మకండి, పై అధికారి కాగితంలో కింద పనిచేసేవాళ్ల జాబితాలో ఆ పోస్టు ఉందో లేదో కూడా చూడండి. నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు అనుకోండి. క్వాలిటీ ఆఫీసర్ కాగితంలో ప్లాంట్ మేనేజర్‌కి రిపోర్ట్ చేయాలని ఉంటుంది, మేనేజర్ జాబితాలో మాత్రం ఆ పోస్టే ఉండదు, చూస్తే చెన్నై హెడ్డాఫీసులో క్వాలిటీ హెడ్ కింద ఉంటుంది. అప్పుడు అప్రైజల్ ఎవరు రాస్తారో రోల్ డాక్యుమెంట్లలో వెతకండి. రాసేవాళ్లకి నిండు గీత, రోజువారీ పని చెప్పేవాళ్లకి చుక్కల గీత. "సమన్వయం చేసుకోవాలి" అని ఉంటే అసలు గీతే వద్దు, ఆ మాట ప్రతి కాగితంలోనూ ఉంటుంది లెండి. అప్రైజల్ సంగతి ఎక్కడా దొరకకపోతే ఊహించి గీయకుండా అక్కడ ప్రశ్నార్థకం పెట్టి హెచ్ఆర్‌ని అడగండి.