రోహిణి కార్తెకు ముందే చార్జింగ్ కేబుల్‌ను పరీక్షించుకోండి

కర్నూలులో ఎండలు ముదిరి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులు వచ్చాక, ఉన్న కొద్ది సమయంలోనే ఫోను చార్జ్ చేసుకోవలసి వస్తుంది. 67 వాట్ల అడాప్టర్ పెట్టినా గంటకు పదిహేను శాతమే ఎక్కుతుంటే చాలామంది బ్యాటరీ పోయిందనుకుంటారు గానీ, ముందుగా అనుమానించవలసింది కేబుల్‌ను.

అడాప్టర్ మీద రాసిన 67 వాట్లు దాని గరిష్ఠ సామర్థ్యం మాత్రమే. ప్లగ్ పెట్టగానే అది 5 వోల్టుల దగ్గర మొదలై, కేబుల్‌లోని సమాచార తీగల ద్వారా ఫోనుతో ఒప్పందం కుదిరాకే శక్తిని పెంచుతుంది. చవక కేబుళ్లు కొన్నింటిలో ఆ తీగలే ఉండవు కనుక, అడాప్టర్ ఎంత పెద్దదైనా 5 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది.

దీనికి తోడు తీగ సన్నదైతే నష్టం ఇంకా పెరుగుతుంది. బస్టాండు దగ్గర కొన్న రెండు మీటర్ల కేబుల్‌లో 28 గేజి రాగి తీగ ఉందనుకుందాం. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి దారి నాలుగు మీటర్లు, నిరోధం సుమారు 0.85 ఓములు. 2 ఆంపియర్లు ప్రవహిస్తే 1.7 వోల్టులు దారిలోనే పోయి ఫోనుకు 3.3 వోల్టులే మిగులుతాయి. దానితో బ్యాటరీ ఎక్కదు. అందుకని ఫోను తానే వెనక్కి తగ్గి, 0.8 ఆంపియర్ దగ్గర సర్దుకుంటుంది. అంటే లోపలికి చేరేది మూడున్నర వాట్లు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండడానికి ఆరు గంటలైనా పడుతుంది.

పరీక్షకు ఖర్చేమీ లేదు. ఫోను చల్లగా, చార్జ్ సగం కంటే తక్కువగా ఉన్నప్పుడు, స్క్రీన్ ఆపి, అదే అడాప్టర్‌తో పాత కేబుల్‌ను పావుగంట, అడాప్టర్‌తో పాటు వచ్చిన కేబుల్‌ను పావుగంట వాడి, ఎన్ని శాతాలు ఎక్కాయో పోల్చండి. ఎనభై శాతం దాటాక ఏ కేబుల్‌తోనైనా వేగం తగ్గుతుంది కనుక అప్పుడు చూసి లాభం లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో లాక్ స్క్రీన్ మీద `Charging rapidly` అని కనబడితే వేగంగా ఎక్కుతున్నట్టే. `Charging slowly` అని వస్తే కేబుల్ మార్చి చూడాలి.

కొత్తది కొనేటప్పుడు పొడవు మీటరు దాటకుండా చూసుకోవడం మేలు. రెండు వైపులా టైప్-సి ఉన్న మామూలు కేబుల్ 3 ఆంపియర్లకే పరిమితం. 60 వాట్లు దాటాలంటే లోపల గుర్తింపు చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. కొన్ని కంపెనీల సొంత ఫాస్ట్ చార్జింగ్ మాత్రం వారి కేబుల్‌తోనే పూర్తి వేగం అందుకుంటుంది. పైన అల్లిన నూలు తొడుగు చూసి మోసపోకండి, అది లోపలి రాగి మందాన్ని చెప్పదు.

కేబుల్ మార్చినా నడి మధ్యాహ్నం మాత్రమే నెమ్మదిస్తుంటే అది వేడి వల్ల ఫోను తానుగా తగ్గించుకోవడం. నీడలో పెట్టి, కవర్ తీసి చూడండి. ప్లగ్ చెయ్యి పెట్టలేనంత కాలుతున్నా, తల దగ్గర తీగ బయటపడినా ఆ కేబుల్‌ను వెంటనే వాడడం మానేయాలి. టేపు చుట్టి పరుపు మీద రాత్రంతా పెట్టడం ప్రమాదకరం.