గుర్రం, ఫిరంగితో ఏనుగుల కోటను కొట్టే ముందు: షియాంగ్‌చీ చివరి ఆటలో జాగ్రత్తలు

షియాంగ్‌చీ, అంటే చైనా చదరంగం, ఆడేవాళ్ల చేతిలోంచి గెలుపు ఎక్కువగా జారిపోయే చోటు ఒకటుంది. మీ దగ్గర గుర్రం, ఫిరంగి మిగిలాయి. ఎదుటివాడికి దాడి చేసే పావు ఒక్కటీ లేదు. రాజు చుట్టూ ఇద్దరు సలహాదారులు, రెండు ఏనుగులు మాత్రమే ఉన్నాయి. గెలుపు చేతికొచ్చినట్టే అనిపిస్తుంది, దొరికిన పావునల్లా తినేయాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఆగి లెక్క చూసుకోవాలి. ఇక్కడ ఎన్ని పావులు తిన్నామన్నది కాదు, తిన్నాక బోర్డు మీద ఏవి మిగిలాయన్నది ఫలితాన్ని తేలుస్తుంది.

ముందు కాపలా పావుల సంగతి. సలహాదారులు కోట, అంటే రాజు తిరిగే తొమ్మిది బిందువుల చోటు, దాటరు, అందులోని అయిదు బిందువుల మీదే మూలగా ఒక్కో అడుగు వేస్తారు. ఇక్కడి ఏనుగు మన చదరంగంలో ఏనుగులా నేరుగా దూసుకుపోదు. మూలగా రెండడుగులు వేస్తుంది, బోర్డును రెండు సగాలుగా విడదీసే నదిని దాటదు. ఆ రెండడుగుల మధ్య బిందువులో ఏ పావు ఉన్నా కదలలేదు. గుర్రానికీ అలాంటి అడ్డే ఉంది: నేరుగా వేసే మొదటి అడుగు దగ్గర పావు ఉంటే అటు వెళ్లలేదు. ఫిరంగి తినాలంటే మధ్యలో సరిగ్గా ఒక్క పావు ఉండాలి. దాన్ని ఇక్కడ మెట్టు అందాం.

ఇప్పుడు దాడికి దిగేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన తీర్పులు. ఒంటరి గుర్రం ఒక్క సలహాదారును ఓడిస్తుంది, ఇద్దరుంటే మాత్రం డ్రా. రెండు ఏనుగులున్నా మామూలుగా డ్రానే. ఫిరంగికి తోడుగా సొంత సలహాదారు ఒక్కడుంటే ఎదుటి ఇద్దరు సలహాదారుల మీద గెలుపు, కానీ రెండు ఏనుగుల మీద గెలవలేదు. వినడానికి వింతగా ఉన్నా కారణం సులువే. ఎదుటి సలహాదారులు రాజుకు అతుక్కుని ఉంటారు కాబట్టి ఫిరంగికి వాళ్లే మెట్టు అవుతారు. ఏనుగు అలా కాదు, నడిగీత మీద కూర్చుంటే రాజులిద్దరి మధ్య తెర అవుతుంది. ఇద్దరు రాజులూ అడ్డు లేకుండా ఎదురెదురుగా నిలవకూడదన్న నియమం వల్ల మీ రాజు దూరం నుంచే ఒక గీతను మూసేయగలడు. ఏనుగు మధ్యలోకొస్తే ఆ బలం పోతుంది.

ఒక స్థితిని చూద్దాం. మొదటి అంకె ఎడమ నుంచి నిలువు గీత, రెండోది ఎరుపు వైపు నుంచి అడ్డగీత. నలుపు రాజు 5-10లో, సలహాదారులు 5-9, 4-10లో, ఏనుగులు 5-8, 7-10లో ఉన్నాయి. ఎరుపు రాజు 6-1లో, సలహాదారు 5-2లో, ఫిరంగి 5-1లో, గుర్రం 4-6లో. ఎత్తు ఎరుపుది.

5-8లోని ఏనుగు మీద రెండు గురులున్నాయి. 5-2 సలహాదారును మెట్టుగా చేసుకుని ఫిరంగి తినగలదు, 4-6 నుంచి గుర్రం కూడా తినగలదు. కాపలా మాత్రం 7-10 ఏనుగు ఒక్కటే. ఇద్దరు తినేవాళ్లు, ఒక్కడే కాసేవాడు, కాబట్టి ఎలా తిన్నా లాభమే అనుకునేవాళ్లు చాలామంది.

ఫిరంగితో ముందు తిన్నారనుకోండి. 5-8కి చేరగానే 5-9 సలహాదారు మీదుగా రాజుకు చెక్ కూడా వస్తుంది, అందుకే ఈ ఎత్తు మరీ ఊరిస్తుంది. కానీ 7-10 ఏనుగు వచ్చి ఫిరంగిని తింటుంది, ఆ ఏనుగును గుర్రం తింటుంది. రెండు ఏనుగులూ పోయాయి, చూడ్డానికి ఘనవిజయం. మిగిలింది మాత్రం ఒంటరి గుర్రం, ఎదురుగా ఇద్దరు సలహాదారులు. అది డ్రా.

అదే గుర్రంతో ముందు తినండి. చెక్ రాదు, ఎందుకంటే ఫిరంగికీ రాజుకూ మధ్య పావులు మరీ ఎక్కువయ్యాయి. నలుపు ఆటగాడు ఆ గుర్రాన్ని తినకుండా వదిలేస్తే ఒక ఏనుగు ఊరికే పోయినట్టు. అందుకే ఏనుగుతో తింటాడు. ఇప్పుడు ఫిరంగి 5-2 మెట్టు మీదుగా ఆ రెండో ఏనుగును తింటుంది, 5-9 సలహాదారు మీదుగా చెక్ కూడా పడుతుంది. దాన్ని తినగల పావు నలుపుకు లేదు. రాజు 6-10కి జరగలేడు, ఆ గీతను మీ రాజు 6-1 నుంచి మూసేశాడు. 5-9 సలహాదారు పక్కకు తప్పుకుంటే చెక్ పోతుంది గానీ, మిగిలింది ఫిరంగీ సొంత సలహాదారూ, ఎదురుగా ఇద్దరు సలహాదారులే. ఇది గెలిచే ఆట. రెండు దారుల్లోనూ బోర్డు మీంచి పోయిన ఏనుగులు అవే, తేడా అంతా మొదట ఏ పావుతో తిన్నారన్నదే.

అందుకే దాడి మొదలుపెట్టే ముందు మీ సలహాదారు ఒక్కడైనా బతికి ఉన్నాడా అని చూసుకోండి. పైగా అతను నడిగీత మీద ఫిరంగి ముందు నిలవగలిగే చోట ఉండాలి. తొందరలో ఈ సలహాదారును వదిలేస్తే ఆ తర్వాత దిద్దుకోవడం కుదరదు. ఎదుటి కాపలాలన్నీ తినేసి వట్టి రాజు మీద ఒంటరి ఫిరంగితో మిగిలితే చెక్ చెప్పడానికే మెట్టు ఉండదు, ఎన్నేళ్లు ఆడినా డ్రానే. సొంత సలహాదారు ఉంటే మాత్రం అదే వట్టి రాజు పట్టుబడతాడు. నలుపు రాజు 4వ గీతలో, మీ రాజు 5వ గీతలో, సలహాదారు 4-3లో ఉండగా ఫిరంగి 4-1కి చేరితే ఆటకట్టు.

కాపాడుకునేవాళ్లకూ ఇదే స్థితిలో దారి ఉంది, ఎత్తు మీదైతే. గుర్రం 4-6 నుంచి దూకడానికి అడ్డుపడాల్సిన బిందువు 4-7. అక్కడికి మీ సలహాదారు గానీ ఏనుగు గానీ చేరలేదు, కాబట్టి గుర్రాన్ని ఆపాలని టెన్షన్ పడొద్దు. 5-8 ఏనుగునే 3-10కి వెనక్కి తీయండి. రెండు ఏనుగులూ మళ్లీ 5-8ని కాస్తాయి, నడిమధ్య దిగినవాణ్ని ఏదైనా తినగలదు. అంతేగానీ 3-6కో 7-6కో దూకిస్తే ఏనుగుల మధ్య బంధం తెగిపోతుంది, తర్వాత ఒక్కొక్కదాన్నీ విడిగా వేటాడటం గుర్రానికి తేలిక.

7-10 ఏనుగు కాపలా కాయాలంటే 6-9 ఖాళీగా ఉండాలి. ఎదుటి రాజు 6వ గీతను వదిలాక ఈ సంగతి మర్చిపోయి మీ రాజునే అక్కడికి జరిపితే మీ ఏనుగును మీరే కట్టేసుకున్నట్టు. ఎదుటి ఫిరంగి అక్కడ దిగి కూర్చున్నా అంతే. కాబట్టి ప్రతి ఎత్తుకూ ముందు ఏనుగు ఎక్కడుందో కాదు, దాని దారిలో ఆ మధ్య బిందువు ఖాళీగా ఉందో లేదో చూడండి.

ఇద్దరికీ వర్తించే నియమాలు రెండు. కదలడానికి ఎత్తు లేకపోతే షియాంగ్‌చీలో డ్రా కాదు, ఓటమి. అందుకే కాపాడేవాడు ఊరికే ఆడుకోవడానికి ఒక ఎత్తు ఎప్పుడూ దాచుకోవాలి. దాడి చేసేవాడు ఆగకుండా చెక్ చెబుతూ కాలం గడపకూడదు, అదే చెక్‌లను పదేపదే తిప్పితే అతనే ఓడతాడు. చాలా పోటీల్లో ఏ పావూ తినకుండా నిర్ణీత సంఖ్యలో ఎత్తులు గడిస్తే డ్రా ప్రకటిస్తారు, ఆ సంఖ్య ఎంతో ఆటకు ముందే నిర్వాహకుల్ని అడిగి తెలుసుకోండి.